ఒకే శుక్రుడు ఒక యాప్‌లో 7లో, ఇంకో యాప్‌లో 8లో. సినాస్ట్రీలో ఏది పట్టుకోవాలి?

మూలాపేట_మధు
చెల్లెలికి కందుకూరు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. మన పద్ధతిలో పొంతన చూపించడం అయిపోయింది, దాని గురించి అడగట్లా. పాశ్చాత్య పద్ధతిలో ఇద్దరి చక్రాలూ పోల్చి చూసే సినాస్ట్రీలో అబ్బాయి గ్రహాలు అమ్మాయి భావాల్లో ఎక్కడ పడుతున్నాయో చూద్దామని కూర్చుంటే తల తిరిగిపోతా ఉంది. ఒక యాప్‌లో అబ్బాయి శుక్రుడు అమ్మాయి 7వ భావంలో అని వస్తుంది. ఇంకో యాప్‌లో 8వ భావంలో అంటుంది. పుట్టిన వివరాలు రెండిట్లోనూ ఒకటే ఇచ్చా. 8 అన్న మాట అమ్మ చెవిన పడింది, మాంగల్య స్థానమని దిగులు పెట్టుకుంది.
అమ్మాయి పుట్టింది నెల్లూరులో, టైం ఆసుపత్రి కాగితంలో ఉండాది. అబ్బాయి టైం వాళ్లకే తెలీదు. 12 గంటలని వేసి చూశా.

కావలి_కిరణ్
8లో శుక్రుడంటే ఆలోచించాల్సిందే. కుజ దోషం చూశారా?

మూలాపేట_మధు
కిరణ్ అన్నా, పొంతన గురించి కాదు నేనడిగేది. రెండు యాప్‌లు రెండు రకాలుగా ఎందుకు చెప్తున్నాయని.

లగ్నలేఖ
డిగ్రీలు పెట్టు మధూ. భావం నంబరు ఒక్కటే చెప్తే ఎవరూ ఏమీ చెప్పలేరు. అమ్మాయి లగ్నం ఎన్ని డిగ్రీలు, అబ్బాయి గ్రహాలు ఏ రాశిలో ఎన్ని డిగ్రీలు, అంతే కావాలి. రెండు యాప్‌లలోనూ హౌస్ సిస్టం ఏదని ఉందో సెట్టింగ్స్‌లో చూడు. పుట్టిన తేదీలు మాత్రం ఇక్కడ పెట్టొద్దు.

మూలాపేట_మధు
అమ్మాయి లగ్నం వృశ్చికం 26°09'.
అబ్బాయివి: సూర్యుడు వృషభం 14°, బుధుడు వృషభం 22°05', శుక్రుడు మిథునం 10°20', కుజుడు మేషం 16°, గురుడు వృశ్చికం 10° వక్రం, శని మీనం 10°30', చంద్రుడు మీనం 12°. ప్లూటో వృశ్చికం 27° దగ్గర.
7 అని చెప్పిన యాప్‌లో Placidus అని ఉంది. 8 అని చెప్పిన దాంట్లో Whole Sign.

లగ్నలేఖ
అదే సంగతి. యాప్‌ల తప్పు ఏమీ లేదు.

హోల్ సైన్‌లో లగ్నం ఏ రాశిలో పడితే ఆ రాశి మొత్తం 1వ భావం. 26వ డిగ్రీలో పడ్డా, 2వ డిగ్రీలో పడ్డా వృశ్చికమంతా 1వ భావమే. అట్టా లెక్కేస్తే వృషభం 7, మిథునం 8. శుక్రుడు మిథునంలో ఉన్నాడు కాబట్టి 8.

ప్లాసిడస్‌లో లగ్నం డిగ్రీ దగ్గరే 1వ భావం మొదలవుతుంది. దానికి సరిగ్గా ఎదురుగా, వృషభం 26°09' దగ్గర, 7వ భావం మొదలవుతుంది. నెల్లూరు అక్షాంశానికి ఈ లగ్నంతో 8వ భావం మిథునం 25°11' దగ్గర మొదలవుతుంది. శుక్రుడు మిథునం 10°20' అంటే ఆ రెండిటి మధ్యలో, నిఖార్సుగా 7లో.

లగ్నం రాశి చివర్లో పడినప్పుడల్లా ఈ గొడవ వస్తుంది. మీ అమ్మాయి చక్రంలో భావాలన్నీ రాశుల చివర 25 నుంచి 29 డిగ్రీల మధ్యే మొదలవుతున్నాయి. అందుకే ఒక్క శుక్రుడే కాదు, దాదాపు ప్రతి గ్రహమూ రెండు పద్ధతుల్లో ఒక భావం తేడాగా కనపడుతుంది. లగ్నం రాశి మొదట్లో 2, 3 డిగ్రీల్లో ఉన్నవాళ్లకి మన అక్షాంశంలో రెండు పద్ధతులూ చాలావరకు కలిసిపోతాయి, అప్పుడీ ప్రశ్నే రాదు.

సింగరాయకొండ_శాస్త్రి
జాతక చక్రంతో పోల్చి చూడండి, తేలిపోతుంది. యాప్ చూపించే సాయన డిగ్రీలకీ మన పంచాంగం నిరయణ డిగ్రీలకీ ఉన్న తేడా అయనాంశ, 90ల్లో పుట్టినవాళ్లకి లాహిరి ప్రకారం సుమారు 23°46'. అది తీసేస్తే అమ్మాయి లగ్నం వృశ్చికం 2°23', అంటే నిరయణంలోనూ వృశ్చికమే. అబ్బాయి శుక్రుడు వృషభం 16°34', లగ్నాత్తు 7. సూర్యుడు మేషంలో, 6. కుజుడు మీనంలో, 5. శని, చంద్రుడు కుంభంలో, 4. గురుడు తులలో, 12. అన్నీ ప్లాసిడస్ చెప్పినట్టే వచ్చాయి. ప్లాసిడస్ అంటే మన భావ చక్రమే, పేరు మాత్రం వేరు. హోల్ సైన్ వదిలేయండి.

మూలాపేట_మధు
నిజమే శాస్త్రి గారూ, అన్నీ కలిశాయి! అయితే 7 ఖాయమా?

లగ్నలేఖ
శాస్త్రి గారి అంకెలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. వాటి నుంచి తీసిన ముక్క మాత్రం సగమే నిజం.

ఈ చక్రంలో కలవడం యాదృచ్ఛికం. సాయన లగ్నం 26°లో ఉంది, అయనాంశ 24 డిగ్రీల దాకా ఉంది, తీసేస్తే నిరయణ లగ్నం రాశి మొదటికి వచ్చి కూర్చుంది. దాంతో నిరయణ రాశుల గీతలూ, ప్లాసిడస్ భావాల గీతలూ దాదాపు ఒకే చోట పడ్డాయి. లగ్నం సాయన వృశ్చికం 10° అయ్యుంటే నిరయణంలో తుల 16° అయ్యేది. అప్పుడు తుల నుంచి వృషభానికి లెక్కేస్తే ఇదే శుక్రుడు 8.

రెండోది, మన భావ చక్రం ప్లాసిడస్ ఒకటి కాదు. శ్రీపతి పద్ధతిలో లగ్నం డిగ్రీ 1వ భావానికి మధ్య బిందువు, రెండు మధ్యల నడుమ సంధి. పాశ్చాత్య పద్ధతిలో అదే డిగ్రీ భావానికి మొదలు. శ్రీపతి ప్రకారం ఈ అమ్మాయికి 7, 8 భావాల సంధి సాయనంలో మిథునం 11°15' దగ్గర పడుతుంది. శుక్రుడు 10°20'. అంటే అక్కడ కూడా 7 అనే వస్తుంది గానీ సంధిలో, ఒక డిగ్రీ కూడా తేడా లేకుండా. ప్లాసిడస్‌లో అదే శుక్రుడు భావం నడిమధ్యలో నిలబడి ఉన్నాడు. ఫలితం ఒకటే అంకె, లెక్క వేరు.

సింగరాయకొండ_శాస్త్రి
భావ మధ్య, భావారంభం తేడా ఒప్పుకుంటున్నా. అయినా మన దగ్గర పుట్టినవాళ్లకి నిరయణమే పలుకుతుందని నా అభిప్రాయం.

లగ్నలేఖ
అది మీ అభిప్రాయంగా ఉండనివ్వండి. ఒక్కటి మాత్రం అందరికీ చెప్తున్నా, రెండిటినీ కలపొద్దు. అమ్మాయి భావాలు యాప్ నుంచి సాయనంలో తీసుకుని, అబ్బాయి గ్రహాలు పెళ్లిళ్ల పేరయ్య ఇచ్చిన జాతకం కాగితం నుంచి రాసుకునేవాళ్లు చాలామంది. ప్రతి గ్రహమూ 24 డిగ్రీలు వెనక్కి పోతుంది. అట్టా చేస్తే ఈ శుక్రుడు వృషభం 16° అయి ప్లాసిడస్ 6లో పడతాడు. ఏ చక్రంలోనూ లేని ఫలితం అది. ఎట్టా కనిపెట్టాలంటే, సూర్యుణ్ణి చూడండి. మే మొదటి వారంలో పుట్టిన మనిషి సూర్యుడు సాయనంలో వృషభంలో ఉండాలి. మేషం అని ఉంటే అది నిరయణ కాగితం.

మైపాడు_అల
హోల్ సైన్‌ని అంత తేలిగ్గా పక్కన పెట్టేస్తే ఎట్టా? ప్లాసిడస్ 17వ శతాబ్దం ఇటలీ సన్యాసి పేరు మీద ప్రచారంలోకి వచ్చింది. గ్రీకు కాలం జ్యోతిషులు వాడింది ఎక్కువగా రాశి మొత్తం భావమనే పద్ధతే. ఈ చక్రంలో అబ్బాయి సూర్యుడు, బుధుడు ఇద్దరూ వృషభంలో ఉన్నారు. హోల్ సైన్‌లో ఇద్దరూ 7లో. ప్లాసిడస్‌లో ఇద్దర్నీ 6లోకి తోసేశారు. పెళ్లి సంబంధానికి సూర్యుడు 7లో ఉన్నాడా 6లో ఉన్నాడా అన్నది శుక్రుడికన్నా పెద్ద విషయం నా దృష్టిలో.

లగ్నలేఖ
బుధుడి సంగతిలో అల అన్నది దాదాపు ఒప్పుకుంటా. భావం మొదలవడానికి 5 డిగ్రీల లోపు ముందున్న గ్రహాన్ని తర్వాతి భావంలో కలిపి చదవడం పాత అలవాటు, టాలెమీ కూడా లగ్నానికి పైన 5 డిగ్రీలను 1వ భావంలోకే లెక్కేశాడు. 7వ భావం మొదలు 26°09', బుధుడు 22°05'. తేడా 4°04'. కాబట్టి ప్లాసిడస్‌లోనూ బుధుణ్ణి 7లోనే చదువుతా.

సూర్యుడు 14°లో ఉన్నాడు, 12 డిగ్రీల దూరం. అతన్ని 7లోకి తీసుకురాలేను.

మైపాడు_అల
తెచ్చే పనే లేదు, రాశి ప్రకారం అక్కడే ఉన్నాడు.

పలకల_మార్కాపురం
ఈ 5 డిగ్రీల లెక్కలో ఒక చిక్కుంది. అమ్మాయి టైం పక్కాగా ఉంటేనే అది పనికొస్తుంది. లగ్నం 4 నిమిషాలకి ఒక డిగ్రీ దాకా కదులుతుంది కదా. ఆసుపత్రి కాగితంలో టైం గుండ్రంగా రాసి ఉందా, నిమిషాలతో ఉందా? గుండ్రంగా 30, 45 అని ఉంటే ఎవరో తర్వాత గుర్తుకు తెచ్చుకుని రాసిందే అనుకోవాలి.

మూలాపేట_మధు
డిశ్చార్జి కాగితంలో నిమిషాలతో ఉంది. కానీ మా బాబాయి ఒకాయన చెప్తే నెల్లూరు లోకల్ టైం కోసం 10 నిమిషాలు తగ్గించి ఇంకోసారి వేశా. అప్పుడు లగ్నం 23°52' అని వచ్చింది. ఏది కరెక్టు?

లగ్నలేఖ
తగ్గించకుండా వేసింది. గడియారంలో ఉన్న టైం భారత ప్రామాణిక కాలం, 82°30' రేఖాంశానిది. నెల్లూరు 80° దగ్గర ఉంది కాబట్టి 10 నిమిషాల తేడా నిజమే. కానీ ఊరి పేరు ఇచ్చినప్పుడు యాప్ ఆ తేడాని తనే లెక్కేసుకుంటుంది. నువ్వు కూడా తీసేస్తే రెండుసార్లు తీసినట్టు. చేత్తో చక్రం వేసే రోజుల్లో ఆ పని మనిషి చేయాలి, అందుకే బాబాయి గారు చెప్పుంటారు.

ఇప్పుడు మార్కాపురం చెప్పిన చిక్కు మీ చక్రంలోనే చూడు. 10 నిమిషాలు ముందు పుట్టినట్టు వేస్తే 7వ భావం 23°52' దగ్గర మొదలై బుధుడికి 2 డిగ్రీల లోపే వచ్చేసింది. అదే 10 నిమిషాలు ఆలస్యంగా పుట్టి ఉంటే 28°27'కి పోయి, బుధుడు 5 డిగ్రీల హద్దు దాటి 6లోకి జారిపోయేవాడు. కాబట్టి బుధుడు 7 అన్నది టైం మీద ఆధారపడ్డ మాట. శుక్రుడు అట్టా కాదు. ప్లాసిడస్‌లో ఈ 5 డిగ్రీల వెసులుబాటు ఇచ్చినా అతను 8కి చేరాలంటే అమ్మాయి దాదాపు ముప్పావు గంట ముందు పుట్టి ఉండాలి, 6కి చేరాలంటే గంటకు పైగా ఆలస్యంగా. రెండూ జరిగే పని కాదు.

ఓవర్‌లే, అంటే ఒకరి గ్రహాలు ఇంకొకరి భావాల్లో ఎక్కడ పడ్డాయన్నది, చదివేటప్పుడు ప్రతి గ్రహానికీ ఈ పరీక్ష చేయాలి. టైం ఒక పావుగంట అటూ ఇటూ జరిపి చూడు. జరిపినా భావం మారని గ్రహాల మీదే మాట్లాడు. మారేవాటిని పెన్సిల్‌తో రాసుకో.

కావలి_కిరణ్
ఊరు కూడా తేడా చేస్తుందా? మా పాప పుట్టింది కందుకూరులో, యాప్‌లో ఆ ఊరు కనపడక నెల్లూరు ఇచ్చాం.

లగ్నలేఖ
ఈ రెండు ఊళ్ల మధ్య లగ్నంలో అర డిగ్రీ కూడా తేడా రాదు. రెండు నిమిషాల టైం తప్పుతో సమానం, అంతే. హైదరాబాదో విశాఖపట్నమో ఇస్తే మాత్రం తేడా కనపడుతుంది.

మైపాడు_అల
మధూ, అబ్బాయి టైం 12 వేశానన్నావు. అతని భావాల్లో అమ్మాయి గ్రహాలు కూడా చూస్తున్నావా?

మూలాపేట_మధు
చూశా అక్కా. అమ్మాయి చంద్రుడు అతని 10లో పడ్డాడు, బాగుందనుకున్నా.

మైపాడు_అల
ఆ ముక్క కొట్టేయ్. 12 గంటలని వేస్తే యాప్ ఆ టైంకి ఏదో ఒక లగ్నం గీసి పెడుతుంది, ఆ లగ్నం ఎవరిదీ కాదు. భావాలు ఎవరివో వాళ్ల టైం కావాలి. గ్రహాలు ఎవరివో వాళ్ల తేదీ చాలు. కాబట్టి మీకు ఒక వైపే దారి ఉంది, అతని గ్రహాలు ఆమె భావాల్లో. ఆమె గ్రహాలు అతని భావాల్లో అన్నది టైం దొరికేదాకా ఖాళీ.

ఉలవపాడు_రమ
నాదొక సందేహం, ఇక్కడే అడుగుతున్నా. మా ఆయన సూర్యుడు నా 1వ భావంలో ఉన్నాడు. అయితే నా సూర్యుడు ఆయన 1లో ఉండాలి కదా? యాప్‌లో 12 అని వస్తుంది. ఏమన్నా తప్పు ఎక్కించానా?

లగ్నలేఖ
తప్పు లేదు రమ గారూ. ఓవర్‌లే రెండు వేర్వేరు చదువులు. ఆయన సూర్యుడు మీ లగ్నం దగ్గర ఉండటానికి మీ లగ్నం కారణం. మీ సూర్యుడు ఆయనకి ఎక్కడ పడతాడన్నది ఆయన లగ్నం నిర్ణయిస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. దృష్టులు మాత్రం రెండు వైపులా ఒకటే: ఆయన సూర్యుడు మీ చంద్రుడికి 3 డిగ్రీల్లో ఉంటే మీ చంద్రుడూ ఆయన సూర్యుడికి 3 డిగ్రీల్లోనే ఉంటాడు. భావాలకి ఆ రెండు వైపుల గుణం లేదు. astro.com లో Extended Chart Selection నుంచి ఇద్దరి చక్రం గీస్తే లోపలి వలయంలో ఉన్నవాళ్ల భావాలే కనపడతాయి. పేర్లు తారుమారు చేసి ఇంకోసారి గీయండి.

ఉలవపాడు_రమ
అదే చేయలేదు. ఒకే బొమ్మలో రెండూ చదువుతున్నా. ఇప్పుడు అర్థమైంది.

సింగరాయకొండ_శాస్త్రి
ఫలితం సంగతి ఎవరూ చెప్పలేదు. 8 అని తల్లి భయపడుతోంది, దానికి సమాధానం ఇవ్వాలి.

లగ్నలేఖ
చెప్పాలి, నిజమే. మధూ, అమ్మకి ఇది చెప్పు. ఇప్పటి పాశ్చాత్య సినాస్ట్రీలో 8వ భావం మాంగల్య స్థానం కాదు, ఆయుష్షు లెక్క కోసం దాన్ని చూడరు. అవతలి మనిషి డబ్బు, ఇద్దరి పేరా ఉండే అప్పులు, వారసత్వంగా వచ్చే ఆస్తి, దాంపత్యంలో దాపరికం లేని దగ్గరితనం, అవీ 8లో చదివేవి. హోల్ సైన్ పట్టుకుని శుక్రుడు 8 అన్నా, దాని అర్థం గాఢమైన ఆకర్షణ, డబ్బు విషయాలు కలిసిపోవడం. అందులో ప్రాణభయం లేదు. మన 8ని తీసుకొచ్చి వాళ్ల 8 మీద అతికించడం వల్ల వచ్చిన భయం ఇది.

ప్లాసిడస్ ప్రకారం నేను చదివేది ఇట్టా. శుక్రుడు 7లో: ఆ అబ్బాయిని చూడగానే అమ్మాయికి పెళ్లి అన్న ఆలోచన సహజంగా వస్తుంది. ఇక్కడ ఇంకో బలం ఉంది. 7వ భావం వృషభంతో మొదలవుతుంది, దాని అధిపతి శుక్రుడే. ఆ అధిపతే అబ్బాయి చక్రం నుంచి వచ్చి 7లో కూర్చున్నాడు.

సూర్యుడు 6లో: ఆమె రోజువారీ పనులు, ఆరోగ్యం, ఉద్యోగం టైములు, వీటి మీద అతని మాట పడుతుంది. సాయం చేసేదీ అక్కడే, ఇది ఇట్టా కాదు అట్టా అని దిద్దేదీ అక్కడే. ఇది రెండు రకాలుగానూ నడుస్తుంది.

అసలు నేను ఆగి చూసేది శని, చంద్రుడు. ఇద్దరూ మీనంలో, ఆమె 4వ భావంలో. 4 కుంభం 26°47' నుంచి మీనం 28°57' దాకా, ఇద్దరూ భావం మధ్యలో ఉన్నారు. ఆమె ఇల్లు అనుకునే చోటికి అతను బాధ్యతలు మోసుకొస్తాడు: వాళ్లమ్మా నాన్నల బాగోగులు, ఇంటి ఖర్చుల మీద గట్టి పట్టు. నిలకడ ఉంటుంది, బరువూ ఉంటుంది. మాట్లాడుకోవాల్సింది శుక్రుడు 7లోనా 8లోనా అని కాదు, పెళ్లయ్యాక ఎవరింట్లో ఉంటారు, ఎవరితో ఉంటారు అని.

పలకల_మార్కాపురం
ప్లూటో 27° అన్నాడు, అమ్మాయి లగ్నం మీదే ఉంది. దాన్ని వదిలేశారే? ఒక డిగ్రీ తేడా.

లగ్నలేఖ
కావాలనే వదిలేశా. ప్లూటో ఆ ఏడాదంతా వృశ్చికం చివరి డిగ్రీల్లోనే ఉంది. ఆ ఏడాది పుట్టిన ఏ అబ్బాయిని తెచ్చినా ఆమె లగ్నం దగ్గరే పడుతుంది. ఒకే వయసు వాళ్లని పోల్చేటప్పుడు యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో భావాలు ఆ మనిషి గురించి కొత్తగా చెప్పేది చాలా తక్కువ. సూర్యుడి నుంచి శని దాకా చాలు.

మైపాడు_అల
లగ్నానికి ఒక డిగ్రీలో ఉంటే నేను వదలను. తరమంతటికీ ఉన్నా ఆమెకి తగిలేది ఆమెకి తగులుతుంది.

లగ్నలేఖ
తగులుతుంది, కాదనను. సంబంధాల మధ్య తేడా చెప్పడానికి పనికిరాదంటున్నా.

మూలాపేట_మధు
చంద్రుడు మీనం 12° అన్నది 12 గంటలకి కదా. టైం తెలీనప్పుడు దాన్ని 4లో అని ఎట్టా చెప్పారు?

లగ్నలేఖ
మంచి ప్రశ్న. చంద్రుడు రోజుకి 12 నుంచి 15 డిగ్రీలు నడుస్తాడు. మధ్యాహ్నానికి 12° అంటే ఆ రోజు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా సుమారు 5° నుంచి 19°. ఆ మొత్తం నీ చెల్లెలి 4వ భావంలోనే ఉంది, కాబట్టి భావం మారదు. శనికి ఎంత దగ్గర అన్నది మాత్రం మారుతుంది.

అది తేల్చడానికి మన దగ్గర ఒక దారి ఉంది. టైం గుర్తులేని ఇళ్లలో కూడా నక్షత్రం, పాదం గుర్తుంటాయి. అడిగి చూడు.

మూలాపేట_మధు
ఫోన్ చేశా. శతభిషం 3వ పాదం, తెల్లవారుజామున అన్నారు.

లగ్నలేఖ
శతభిషం 3వ పాదం నిరయణ కుంభం 13°20' నుంచి 16°40'. అయనాంశ 23°46' కలిపితే సాయన మీనం 7°06' నుంచి 10°26'. మధ్యాహ్నానికి 12° అయ్యే చంద్రుడు తెల్లవారుజామున 8° దగ్గర ఉండాలి, కాబట్టి వాళ్లు చెప్పింది తేదీతో కలిసింది. శని 10°30'కి రెండు మూడు డిగ్రీల లోపు. అంటే 4లో ఆ జంట నేను అనుకున్నదానికన్నా గట్టిగా ఉంది.

తెల్లవారుజామున 4 నుంచి సూర్యోదయం లోపు అనుకుంటే, సూర్యుడు వృషభం 14°లో ఉన్నాడు కాబట్టి అతని లగ్నం మేషం సగం నుంచి వృషభం మొదటి సగం లోపు ఎక్కడో ఉంటుంది. ఇంకాస్త దగ్గరికి తెస్తే అతని భావాలూ గీయొచ్చు. కోడి కూసే వేళా, పాలవాడు వచ్చే వేళా అని వాళ్లమ్మగారిని అడగమను.

సింగరాయకొండ_శాస్త్రి
పాదం నుంచి సాయన చంద్రుణ్ణి తీయడం బాగుంది. అయనాంశ మాత్రం ఆ పంచాంగం ఏది వాడిందో కనుక్కోండి. లాహిరి కాకపోతే పాదం హద్దులు జరుగుతాయి.

మైపాడు_అల
సూర్యుడు 6 అన్నది నేనింకా ఒప్పుకోలేదు.